కరెంట్ రేషియో పెరిగితే కంపెనీ బాగుపడినట్టేనా?

లాభాల్లో ఉన్న ఫ్యాక్టరీ కూడా మూతపడొచ్చు. లాభం లెక్కల్లో కనిపిస్తుంది, జీతాలకూ కరెంటు బిల్లుకూ మాత్రం చేతిలో డబ్బు ఉండాలి. అందుకే అరువు మీద సరుకు ఇచ్చేవాళ్లు రెండు విషయాలు చూస్తారు. ఏడాదిలోపు తీర్చాల్సిన బాకీలకు సరిపడా డబ్బు తిరుగుతోందా? కంపెనీ నెత్తిన ఉన్న మొత్తం అప్పు అది మోయగలిగినంతేనా? మొదటిదానికి కరెంట్ రేషియో, రెండోదానికి అప్పుకూ సొంత మూలధనానికీ మధ్య నిష్పత్తి జవాబు చెబుతాయని అంటారు. ఒకదాన్ని వదిలి ఇంకొకటి చదివితే రెండూ తప్పుదారి పట్టిస్తాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. పంపుసెట్ల విడిభాగాలు చేసే మధ్యతరహా కంపెనీ ఒకటి ఉందనుకోండి. ఏటా అమ్మకాలు 120 కోట్లు, రెండేళ్లుగా పెరగలేదు. నిరుడు మార్చి 31న గోదాములో సరుకు 18 కోట్లు, కొన్నవాళ్ల దగ్గర నుంచి రావలసింది 20 కోట్లు, బ్యాంకులో 4 కోట్లు, మొత్తం 42 కోట్లు. ఏడాదిలోపు తీర్చాల్సినవి 32 కోట్లు. 42ను 32తో భాగిస్తే 1.31. ఈ ఏడాది సరుకు 28, రావలసింది 30, నగదు 2, మొత్తం 60 కోట్లు. తీర్చాల్సినవి 40 కోట్లు. కరెంట్ రేషియో 1.5కు ఎక్కింది.

టాండన్ కమిటీ కాలం నుంచి మన బ్యాంకులు 1.33ను గీటురాయిగా వాడుతూ వచ్చాయి. ఆ లెక్కన కంపెనీ గట్టెక్కినట్టే కనిపిస్తుంది. జరిగింది మాత్రం వేరు. అమ్మకాలు పెరగకుండానే రావలసిన డబ్బు 20 కోట్ల నుంచి 30 కోట్లకు పెరిగింది. అంటే నిరుడు సగటున 61 రోజుల్లో వసూలైన బాకీకి ఇప్పుడు 91 రోజులు పడుతోంది. సరుకు కూడా గోదాములో పేరుకుపోయింది, నగదు సగమైంది. రేషియోను పెంచింది కదలని డబ్బే. సరుకును తీసేసి లెక్కగట్టే క్విక్ రేషియో కూడా 0.75 నుంచి 0.8కి పెరిగింది. పాతబడిన బాకీని అది కూడా నగదుతో సమానంగానే చూస్తుంది.

ఈ మాయను బయటపెట్టేది వెనక పేజీల్లోని నోట్స్. 2021లో కంపెనీల చట్టం మూడో షెడ్యూలును సవరించాక, రావలసిన బాకీలు ఎంత పాతవో పట్టికగా చూపించడం తప్పనిసరైంది. మన కంపెనీ పట్టికలో ఏడాది దాటినవి 6 కోట్లు ఉన్నాయనుకుందాం. గోదాములో కొనేవాడు లేని పాత మోడల్ భాగాలు మరో 5 కోట్లు. ఈ 11 కోట్లు తీసేస్తే 60 కాస్తా 49 అవుతుంది, రేషియో 1.22కు దిగుతుంది. క్యాష్ క్రెడిట్ ఇచ్చిన బ్యాంకు చేసేదీ దాదాపు ఇదే. సాధారణంగా 90 రోజులు దాటిన బాకీలను పక్కనపెట్టి, మిగిలినదాంట్లోనూ మార్జిన్ తగ్గించుకుని, ఎంతవరకు వాడుకోవచ్చో చెబుతుంది. అందుకే రేషియో పెరుగుతున్న కంపెనీకి కూడా బ్యాంకులో వాడుకునే వీలు తగ్గిపోవచ్చు.

ఇక అప్పు సంగతి. దీర్ఘకాలిక రుణం 22 కోట్లు, సొంత మూలధనం 30 కోట్లు అని చూసి నిష్పత్తి 0.73 అనుకుంటే పొరపాటు. క్యాష్ క్రెడిట్ 24 కోట్లు, ఈ ఏడాది కట్టాల్సిన టర్మ్ లోన్ కిస్తీలు 4 కోట్లు కరెంట్ బాకీల్లో ఉంటాయి. అవీ వడ్డీ పడే అప్పులే. కలిపితే 50 కోట్లు, నిష్పత్తి 1.67. ఆ 11 కోట్లు నిజంగా రాకపోతే నష్టం పడేది సొంత మూలధనం మీదే. 30 కాస్తా 19 అవుతుంది, నిష్పత్తి 2.6 దాటుతుంది. గోదాములో కదలని సరుకే అప్పు నిష్పత్తినీ దెబ్బతీస్తుంది. నా ఉద్దేశంలో ఈ రెండు నిష్పత్తుల్లో తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇదే.

అప్పు ఎంతుందన్నదానికన్నా కట్టగలరా అన్నది ముఖ్యం. పన్ను పోగా మిగిలిన లాభం 1.5 కోట్లు, తరుగుదల 4 కోట్లు, వడ్డీ 5 కోట్లు కలిపితే 10.5. కట్టాల్సింది వడ్డీ 5, అసలు 4, మొత్తం 9. భాగిస్తే 1.17. ఒక పెద్ద కొనుగోలుదారు ఒక్క త్రైమాసికం ఆలస్యం చేసినా కిస్తీ తప్పే స్థితి ఇది. 90 రోజులు దాటి బకాయి పడితే ఆ ఖాతా ఎన్‌పీఏ అవుతుంది.

ఒక జాగ్రత్త ఉంది. ఈ అంకెలన్నీ మార్చి 31 ఒక్క రోజువి. ఆ నెలాఖరులో వసూళ్లు తొందరపెట్టి క్యాష్ క్రెడిట్ తగ్గించి, ఏప్రిల్‌లో మళ్లీ వాడుకుంటే రేషియో అందంగా కనిపిస్తుంది. ఏడాది మొత్తానికి కట్టిన వడ్డీని మార్చి 31 నాటి అప్పుతో పోల్చండి. అప్పుకు తగినదానికన్నా వడ్డీ చాలా ఎక్కువగా ఉంటే అనుమానించాలి.

కంపెనీగా నమోదైన సంస్థల లెక్కలు కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్లో కొద్ది రుసుముతో చూడొచ్చు. ఏ నిష్పత్తి అయినా నిరుటికంటే 25 శాతానికి మించి మారితే కారణం రాయాలన్న నిబంధనా ఉంది. అరువు ఇచ్చే ముందు ఆ కారణమూ, బాకీల వయసు పట్టికా రెండేళ్లవి తెప్పించుకుని చదవండి.