లారీ చేత ఢీకొనబడిన కారు

పత్రికల్లో కొత్తగా చేరినవాళ్ల చేతికి ఇంగ్లీషు వార్త ఇచ్చి తెలుగు చేయమంటే, తరచూ ఇలాంటిది వస్తుంది: "వారు ప్రయాణిస్తున్న కారు లారీ చేత ఢీకొనబడగా ఒక వ్యక్తి చంపబడ్డాడు. ఇద్దరు గాయపరచబడ్డారు. మృతదేహం ఆసుపత్రికి తరలించబడింది. కేసు నమోదు చేయబడింది." వ్యాకరణం ప్రకారం తప్పు పట్టలేం. కర్మణి ప్రయోగం బడిలో నేర్పినదే. కానీ ప్రమాదం చూసొచ్చినవాడు ఎవడూ ఇంటికొచ్చి ఇలా చెప్పడు.

ఇంగ్లీషుకు ఈ ప్రయోగం లేకపోతే గడవదు, దానికి కారణముంది. ఆ భాషలో ఎవరు ఎవరిని ఏం చేశారో చెప్పేది మాటల వరస. "డాగ్ బిట్ ద మ్యాన్" అన్నప్పుడు ముందున్నది కరిచింది. ఆ రెండు మాటలూ తారుమారు చేస్తే మనిషే కుక్కను కరిచినట్టవుతుంది. మనిషితో మొదలుపెట్టి చెప్పాలంటే క్రియ రూపమే మార్చాలి. తెలుగులో ఆ బాధ్యత విభక్తిది. "కుక్క ఆ మనిషిని కరిచింది" అన్నా, "ఆ మనిషిని కుక్క కరిచింది" అన్నా, 'ని' ఉంది కాబట్టి తికమక లేదు. ముందు చెప్పాల్సినదాన్ని ముందుకు జరిపితే చాలు.

ధవళేశ్వరం ఆనకట్ట సంగతే చూడండి. 1847లో మొదలై 1852లో పూర్తయింది. "ఆర్థర్ కాటన్ చేత నిర్మించబడింది" అని రాసేవాళ్లున్నారు. "ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ కట్టించాడు" అంటే ఆనకట్ట మొదటే ఉంది, పైగా 'కట్టించాడు'లో ఇంకో నిజం కూడా చేరింది: రాళ్లు మోసింది కూలీలు, చేయించింది ఆయన. ఇంగ్లీషు కర్మణి వాక్యంలో ఆ తేడా కనిపించదు.

చేసినవాడెవరో తెలియనప్పుడో, చెప్పనక్కర్లేనప్పుడో ఇంగ్లీషు మళ్లీ అదే ప్రయోగాన్ని వాడుతుంది. మనం మాత్రం కర్తను వదిలేసి క్రియను బహువచనంలో పెడతాం. "కరెంటు తీసేశారు", "రోడ్డు తవ్వేశారు", "దొంగను పట్టుకున్నారు." ఎవరు తీశారని ఎవరూ అడగరు. ఇక పని తనంతట తాను జరిగినట్టు చెప్పే క్రియలు వేరే ఉన్నాయి: తెంచు పక్కన తెగు, కాల్చు పక్కన కాలు, ఆపు పక్కన ఆగు. విడుదలైంది, రద్దయింది, ఖరారైంది లాంటివీ ఈ కోవలోవే. మోసపోయాడు, తన్నులు తిన్నాడు, ఓటమి పాలయ్యాడు అని బాధపడ్డవాడి వైపు నుంచి చెప్పే పలుకుబడులూ మనకు కొదవ లేదు.

ఇప్పుడు ఆ వార్త మళ్లీ రాద్దాం. "వాళ్లు వెళ్తున్న కారును లారీ ఢీకొట్టడంతో ఒకరు చనిపోయారు. ఇద్దరికి గాయాలయ్యాయి. మృతదేహాన్ని ఆసుపత్రికి తరలించారు. పోలీసులు కేసు నమోదు చేశారు." 'చంపబడ్డాడు' పోవడం ఒట్టి సొగసు కోసం కాదు. ఇంగ్లీషులో ప్రమాదంలో పోయినవాడికీ, హత్యకు గురైనవాడికీ ఒకే "వాజ్ కిల్డ్" సరిపోతుంది. తెలుగులో చంపబడ్డాడంటే ఎవరో కావాలని చంపినట్టే. ఆ ఒక్క మాటతో ప్రమాదం కాస్తా హత్యైపోయింది.

అలాగని 'బడు' తీసేసి 'అయింది' పెట్టడమే సూత్రమనుకోకూడదు. కర్మణి వాక్యం కర్త పేరు దాచినా, ఎవరో ఒకరు చేశారన్న సంగతి మాత్రం దాచదు. "అద్దం పగిలింది" అన్నప్పుడు ఆ సంగతి కూడా మాయమవుతుంది. రాళ్లు రువ్విన గొడవలో కిటికీ అద్దాలు పోతే "పగలగొట్టారు" అనాలి. గాలివానకు పోతే "పగిలాయి". మూలంలో రెంటికీ ఒకే రూపం ఉండొచ్చు కాబట్టి చుట్టూ ఉన్న వాక్యాలు చదివి తేల్చుకోవాలి. ఆఫీసుల్లో "ఫైలు పోయింది" అనే మాట అంత హాయిగా నోట్లోంచి రావడానికి కారణం ఇదే. పోగొట్టినవాడు అందులో లేడు.

మరో చిన్న చోటు చాలామంది గమనించరు. "నిన్న కొనబడిన కూరగాయలు", "ఆయన చేత వ్రాయబడిన ఉత్తరం" అనక్కర్లేదు. "నిన్న కొన్న కూరగాయలు", "ఆయన రాసిన ఉత్తరం" సరిపోతాయి. కూరగాయలు దేన్నో కొన్నాయని ఎవరూ పొరబడరు.

ఇన్ని చెప్పినా 'బడు' మన భాషకు పరాయిది కాదు. కనబడు, వినబడు రోజూ అనే మాటలే, వాటి జోలికి పోకూడదు. చట్టాల తెలుగులో "పరిగణించబడును" పాతుకుపోయింది. పరిగణించేది ఫలానా అధికారి అని చట్టమే చెప్పనప్పుడు అనువాదకుడు తనకు తోచిన కర్తను చేరిస్తే అర్థమే మారిపోవచ్చు. ఇక రోడ్డు పక్కన "ఇచ్చట పంక్చర్లు వేయబడును" అని రాసుకున్న దుకాణాన్ని దిద్దాలని నాకైతే లేదు. ట్యూబు చేతికిచ్చి అడిగితే ఆయన మాత్రం "అరగంటలో వేసిస్తా" అంటాడు.