దుబాయ్ నుంచి డబ్బు: ఇంటికి చేరేదెంత?

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ డబ్బుతో నడిచే ఇళ్లు చాలా ఉన్నాయి. డబ్బు పంపే చోట ‘ఫీజు లేదు’ అని కనిపిస్తే అదే చవక అనుకుంటారు. కానీ మారకపు రేటు తగ్గించి కూడా లాభం తీసుకోవచ్చు.

ఒకచోట ఫీజు 23 దిర్హమ్‌లు, దిర్హమ్‌కు 22.60 రూపాయలు అనుకుందాం. మరోచోట ఫీజు లేదు, కానీ రేటు 22.30. కొడుకు దగ్గర 2,000 దిర్హమ్‌లుంటే, మొదటిచోట ఫీజు పోను 44,680 రూపాయలు ఇంటికి చేరతాయి. రెండోచోట 44,600. అదే 500 దిర్హమ్‌లయితే లెక్క తారుమారవుతుంది: మొదటిచోట 10,780, రెండోచోట 11,150. ఫీజు స్థిరంగా ఉంటే, పంపే మొత్తం పెరిగేకొద్దీ రేటు తేడాయే బరువవుతుంది.

అందుకే రెండుచోట్లా ఒకే సమయంలో, ‘అన్నీ పోను అమ్మ ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి?’ అని అడగాలి. రేటు గంటల్లోనే మారిపోవచ్చు. బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపితే మధ్యలోని బ్యాంకు కొంత కోసుకోవచ్చు, అదీ కలిపి అడగాలి.

హుండీవాళ్లు ఇంకా మంచి రేటు చెబుతారు. అది చట్టవిరుద్ధం, డబ్బు అందకపోతే చూపించడానికి రసీదు కూడా ఉండదు. సక్రమ మార్గంలో రసీదుపై రిఫరెన్స్ నంబరు ఉంటుంది. దాని ఫొటో ఇంటికి పంపిస్తే, ఖాతాలో తక్కువ పడినప్పుడు ఆ నంబరుతోనే ఆరా తీయవచ్చు.