ఫోన్ పోతే ఫోటోలు తిరిగొస్తాయా?

గూగుల్ ఫోటోస్ తెరిచి, పై మూలన ఉన్న మన బొమ్మ మీద నొక్కితే Backup complete అని కనిపిస్తుంది. అది చూసి చాలామంది ఇక దిగులు లేదనుకుంటారు. కానీ యాప్ చెబుతున్నది ఒక్కటే: ఏ ఫోల్డర్లను బ్యాకప్ చేయమన్నామో వాటిలోని ఫోటోలూ వీడియోలూ పైకి చేరాయి. మనం చెప్పని ఫోల్డర్ల సంగతి దానికి పట్టదు. పీడీఎఫ్‌లను అది ముట్టుకోదు. పైకి చేరినవి అవసరం పడిన రోజున మన చేతికి వస్తాయా అన్నది యాప్ చూసే విషయమే కాదు, మనమే చూసుకోవాలి.

మా వీధిలో ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు. కొత్త ఫోన్ కొనే ముందు పాతదాన్ని ఒకసారి చూడమన్నారు. ‘‘బ్యాకప్ అయిందని రాసుంది కదా బాబూ, ఇంకేం చూడాలి?’’ అని ఆయన ప్రశ్న. యాప్ సెట్టింగ్స్‌లో Backup లోపలికి వెళ్లి, Back up device folders అన్నది తెరిచి చూపించాను. అక్కడ ఫోన్‌లోని ఫోల్డర్ల పేర్లు వరసగా ఉంటాయి. కెమెరా ఫోల్డర్ దానంతటదే బ్యాకప్ అవుతుంది. మిగతావాటికి మనం చెప్పాలి. మాస్టారి ఫోన్‌లో WhatsApp Images పక్కన స్విచ్ ఆపేసి ఉంది. మనవరాలి అన్నప్రాశన ఫోటోలన్నీ కొడుకు అమెరికా నుంచి వాట్సాప్‌లోనే పంపాడు. అంటే ఆయనకు అన్నిటికన్నా ప్రియమైన ఫోటోలకు ఆ ఫోన్‌లో తప్ప ఇంకో కాపీ లేదు.

ఆ స్విచ్ వేయడం క్షణం పని. అయితే వాట్సాప్‌లో వచ్చిన ఫోటోకు ఒక లోపం ఉంది. మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ కుదిస్తుంది. ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరాలు దాని లోపలి నుంచి పోతాయి. అందుకే ముఖ్యమైన ఫోటోలను డాక్యుమెంటుగా పంపమనాలి, లేదా గూగుల్ ఫోటోస్‌లోనే ఆల్బమ్ షేర్ చేయమనాలి. షేర్ చేసిన ఆల్బమ్‌లోవి మన ఖాతాలోకి విడిగా సేవ్ చేసుకుంటేనే మనవి అవుతాయన్నది మరిచిపోకూడదు.

కాగితాల విషయంలో చిక్కు ఇంకా పెద్దది. మాస్టారి పట్టాదారు పాస్‌బుక్ స్కాన్, ఇంటి లింకు డాక్యుమెంట్లు పీడీఎఫ్ రూపంలో వాట్సాప్‌లో పడి ఉన్నాయి. గూగుల్ ఫోటోస్ వాటివైపే చూడదు. వాట్సాప్‌కు సొంత బ్యాకప్ ఉంది నిజమే, కానీ దాన్ని అదే నంబరుతో మళ్లీ వాట్సాప్‌లో తప్ప ఇంకెక్కడా తెరవలేం. పీడీఎఫ్ ఒక్కటే కావాలంటే అది దారి కాదు. ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి డిజీలాకర్ నుంచి మళ్లీ తెచ్చుకోవచ్చు కాబట్టి వాటి గురించి బెంగ అక్కర్లేదు. ఎవరూ తిరిగి ఇవ్వలేని పాత దస్తావేజులు, చేతిరాత పత్రాలు, ఆస్పత్రి రిపోర్టుల గురించే మన శ్రద్ధంతా.

వీటికి నేను చెప్పే పద్ధతి ఇది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే అందులో ఒకే ఫోల్డర్ పెట్టి కాగితాలన్నీ అందులోకి చేర్చాలి. గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్ వేసుకుని, దాని సెట్టింగ్స్‌లో ఆ ఫోల్డర్‌ను చూపించి, డ్రైవ్‌తో సింక్ చేయమని చెబితే చాలు. ఆ తర్వాత అందులో ఏది పెట్టినా దానంతటదే పైకి వెళుతుంది. కంప్యూటర్ లేనివాళ్లు ఫోన్‌లోని డ్రైవ్ యాప్‌తోనే కాగితాన్ని స్కాన్ చేస్తే, అది నేరుగా డ్రైవ్‌లో పీడీఎఫ్‌గా నిలుస్తుంది. వాట్సాప్‌లో వచ్చినవాటిని షేర్ నొక్కి డ్రైవ్‌కు పంపాలి. ఆ పని మాత్రం ఆటోమేటిక్‌గా జరగదు, వచ్చినప్పుడల్లా చేయాల్సిందే.

చోటు సంగతి కూడా లెక్క వేసుకోవాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అందులో జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ పంచుకోవాలి. 2021 జూన్ ముందు కాస్త కుదించిన ఫోటోలకు లెక్క ఉండేది కాదు, ఆ వెసులుబాటు ఇప్పుడు లేదు. ఒక ఫోటో సుమారు 4 ఎంబీ అనుకుంటే, జీమెయిల్ ఏమీ వాడుకోకపోయినా 3,700కు పైన ఫోటోలు పట్టవు. వీడియోలుంటే ఇంకా త్వరగా నిండుతుంది. నిండిన రోజున కొత్త ఫోటోలు పైకి వెళ్లడం ఆగిపోతుంది. యాప్ హెచ్చరిస్తుంది గానీ, రోజూ వచ్చిపడే నోటిఫికేషన్ల మధ్య దాన్ని పక్కకు తోసేసేవాళ్లే ఎక్కువ. Storage saver పెట్టుకుంటే 16 మెగాపిక్సెల్ దాటిన ఫోటోలను ఆ కొలతకు తగ్గించి, అన్నిటినీ కొంత కుదిస్తుంది. రోజువారీ ఫోటోలకు అది చాలని నా అభిప్రాయం. పెళ్లి ఆల్బమ్ లాంటివి పెద్ద సైజులో ప్రింట్ వేయించాలనుకుంటే Original quality పెట్టుకోవాలి. కాగితాలు డ్రైవ్‌లోకి వెళతాయి కాబట్టి వాటికి ఈ కుదింపు వర్తించదు.

ఇక తిరిగి తెచ్చుకునే పరీక్ష. దీనికి నియమం ఒక్కటే: మీ ఫోన్ ముట్టుకోకూడదు. ఫోన్‌లో గ్యాలరీ తెరిచి ఫోటో కనబడింది కాబట్టి బ్యాకప్ ఉందనుకుంటే, మనం చూస్తున్నది ఫోన్‌లో ఉన్న కాపీనే కావచ్చు. ఫోన్ స్విచాఫ్ చేసి అలమరాలో పెట్టండి. ఇంట్లో ఇంకెవరిదైనా కంప్యూటర్‌లో బ్రౌజర్ గెస్ట్ విండో తెరిచి photos.google.com కు వెళ్లి లాగిన్ అవ్వండి.

మాస్టారి పరీక్ష ఇక్కడే ఆగింది. పాస్‌వర్డ్ ఆయనకు గుర్తుంది. కానీ టూ స్టెప్ వెరిఫికేషన్ వేసి ఉండటంతో, ఫోన్‌లో వచ్చిన ప్రశ్నకు అవునని నొక్కమంది. ఫోన్ ఆపి పెట్టాం కదా. వేరే దారి చూపించమంటే, కొడుకు అమెరికా నంబరుకు కోడ్ పంపుతానంది. ఖాతా తెరిచిన రోజు కొడుకు తన నంబరే ఇచ్చాడట. ఆ సమయానికి అక్కడ అర్ధరాత్రి. ‘‘నా ఫోటోలు చూసుకోవడానికి వాణ్ణి నిద్రలేపాలా!’’ అన్నారు మాస్టారు. నిజంగా ఫోన్ పోయి, ఆ అమెరికా నంబరు కూడా మారిపోయి ఉంటే, ఫోటోలన్నీ క్లౌడ్‌లో భద్రంగా ఉండి కూడా ఆయనకు అందేవి కావు.

దీనికి విరుగుడు గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలోనే ఉంది. Backup codes అన్నచోట నొక్కితే పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు. ఫోన్ చేతిలో లేనప్పుడు పాస్‌వర్డ్‌తో పాటు వీటిలో ఒకటి కొడితే లోపలికి వెళ్లొచ్చు. వాడినది మళ్లీ పనిచేయదు. వాటిని కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి. ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి ఉంచితే ఫోన్‌తో పాటే పోతాయి. మర్నాడు మాస్టారు కోడ్‌లు రాసుకుని, రికవరీ నంబరుగా భార్య నంబరు ఇచ్చి, ఫోన్ ఆపి మళ్లీ ప్రయత్నించారు. ఈసారి తలుపు తెరుచుకుంది.

లోపలికి వెళ్లాక అన్నీ చూడనక్కర్లేదు గానీ, రకానికొకటి చూడాలి. బాగా పాత ఫోటో ఒకటి, నిన్న తీసినది ఒకటి, వాట్సాప్‌లో వచ్చినది ఒకటి, కాస్త పొడవైన వీడియో ఒకటి, కాగితాల నుంచి ఒక పీడీఎఫ్. తెరపై చూసి వదిలేయకుండా వాటిని డౌన్‌లోడ్ చేసి, ఆ కంప్యూటర్‌లో తెరవాలి. వీడియోను చివరిదాకా నడిపించాలి. పీడీఎఫ్‌లో పేజీలన్నీ ఉన్నాయా, సర్వే నంబరు చదవగలిగేలా ఉందా చూడాలి. నిన్నటి ఫోటో కనబడకపోతే బ్యాకప్ ఎక్కడో ఆగిందని అర్థం. చోటు నిండి ఉండొచ్చు, ఫోన్‌లో రెండు ఖాతాలుంటే వేరే ఖాతాలోకి వెళుతూ ఉండొచ్చు, లేదా బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ ఫోటోస్ యాప్‌ను వెనకాల పనిచేయనివ్వకపోయి ఉండొచ్చు. ముందు యాప్ తెరిచి కాసేపు వైఫైలో వదిలేసి చూడండి. అప్పుడు కదిలితే కారణం బ్యాటరీ సెట్టింగే అయ్యే అవకాశం ఎక్కువ.

కాగితాల విషయంలో ఇంకొంచెం గట్టిగా చూసుకోవాలనుకునేవారికి విండోస్‌లో ఒక సౌకర్యం ఉంది. అసలు ఫైలున్న ఫోల్డర్‌లో ఒకసారి, డౌన్‌లోడ్ చేసిన కాపీ ఉన్న ఫోల్డర్‌లో ఒకసారి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టాలి:

```
certutil -hashfile passbook.pdf SHA256
```

passbook.pdf బదులు మీ ఫైలు పేరు రాయండి. అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవైన వరస ఒకటి వస్తుంది. రెండుచోట్లా అదే వరస వస్తే రెండు ఫైళ్లూ అచ్చంగా ఒకటే. Storage saver ఫోటోలతో మాత్రం ఇది కుదరదు, కుదించినవి కాబట్టి వరస తప్పకుండా మారుతుంది.

కంపెనీలు కూడా ఈ పరీక్ష చేయక దెబ్బతిన్నాయి. ప్రోగ్రామర్లు తమ పని దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేస్‌ను తుడిచేశాడు. బ్యాకప్ కోసం అయిదు ఏర్పాట్లున్నాయనుకున్నారు, తీరా చూస్తే ఒక్కటీ సరిగా పనిచేయడం లేదు. బ్యాకప్ విఫలమైందని వెళ్లాల్సిన మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. ఒక ఇంజనీరు వేరే పని మీద ఆరు గంటల ముందు తీసి ఉంచిన కాపీ ఆ రోజు వాళ్లను కాపాడింది. ఆ ఆరు గంటల్లో చేరిన వివరాలు మాత్రం తిరిగి రాలేదు.

ఇంకో ప్రమాదం గురించి కూడా చెప్పాలి. గూగుల్ ఫోటోస్‌లో ఒక ఫోటో తీసేస్తే అది ఫోన్‌లో, క్లౌడ్‌లో రెండుచోట్లా పోతుంది. బ్యాకప్ అయిన ఫోటో ట్రాష్‌లో 60 రోజులుంటుంది, ఆ తర్వాత శాశ్వతంగా పోతుంది. డ్రైవ్‌లో ఆ గడువు 30 రోజులే. కంప్యూటర్ ఫోల్డర్‌లోంచి తీసేసినా డ్రైవ్‌లోనూ పోతుంది. Free up space నొక్కితే మాత్రం ఫోన్‌లోని కాపీలే పోతాయి, క్లౌడ్‌లోవి ఉంటాయి. కానీ ఆ తర్వాత మీకు మిగిలేది ఆ ఒక్క కాపీనే. అందుకే పై పరీక్ష పూర్తయ్యేదాకా ఆ బటన్ నొక్కొద్దని మాస్టారికి గట్టిగా చెప్పాను.

క్లౌడ్‌కు తోడు ఒక బయటి హార్డ్‌డిస్క్ ఉండాలనేది అందుకే. takeout.google.com లో ఫోటోలను, డ్రైవ్‌ను ఎంచుకుంటే గూగుల్ వాటిని జిప్ ఫైళ్లుగా కట్టి లింకు పంపుతుంది. ఎక్కువ ఉంటే గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. లింకు గడువు వారం లోపే తీరిపోతుంది కాబట్టి రాగానే దించుకోవాలి. మొదటిసారి ఒక్క ఆల్బమ్‌తో చేసి చూడటం మేలు. జిప్ విప్పితే ఫోటోల పక్కన json అనే చిన్న ఫైళ్లు కూడా ఉంటాయి. మనం యాప్‌లో సరిచేసిన తేదీలు, రాసుకున్న వివరణలు వాటిలోనే ఉంటాయి, చెత్త అనుకుని పారేయొద్దు. హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాక దాన్ని కంప్యూటర్ నుంచి తీసి పక్కన పెట్టాలి. తగిలించే ఉంచితే, కంప్యూటర్‌కు వైరస్ సోకిన రోజున అదీ పాడవుతుంది.

కొత్త ఫోన్‌లో లాగిన్ అయ్యాక మాస్టారు పాత ఫోన్‌ను వెంటనే రీసెట్ చేయలేదు. కొత్త ఫోన్‌లో ఫోల్డర్ల స్విచ్‌లు మళ్లీ మొదటి నుంచి వేయాలి, పాత ఫోన్‌లో వేసినవి అందులోకి రావు. అవి వేసి, ఒక ఫోటో తీసి, అది కంప్యూటర్ బ్రౌజర్‌లో కనిపించాక, పాత ఫోన్ చెరిపేశారు.