షేరు 4 రూపాయలు పెరిగింది.. జేబులోకి వచ్చింది ఎంత?

గుంటూరులో ఫ్యాన్సీ షాపు నడిపే ఒక యువకుడు చిన్న కంపెనీ షేర్లు వంద కొన్నాడనుకుందాం. కొన్నరోజు ఫోన్‌లో ధర 200 చూపించింది. రెండు నెలలకు అది 204 అయింది. వందకి నాలుగు వందలు లాభం అని సంతోషంగా అమ్మేశాడు. కానీ చివరికి చేతికి మిగిలింది 95 రూపాయలే. మిగతాది ఎటు పోయింది?

మొదటి కోత ధరలోనే పడింది. తెర మీద కనిపించే 200 చివరిసారి జరిగిన లావాదేవీ ధర మాత్రమే. ఆ సమయంలో అమ్మేవాళ్లు 200.50 అడుగుతున్నారు, కొనేవాళ్లు 199.50 ఇస్తామంటున్నారు. అతను వెంటనే కావాలనుకున్నాడు కాబట్టి 200.50కి కొన్నాడు. అమ్మేటప్పుడు కూడా 204 రాలేదు, 203.50కే పోయాయి. అంటే 20,050 పెట్టి కొన్నవి 20,350కి అమ్మాడు. నాలుగు వందల లాభం ఇక్కడే మూడు వందలైంది.

తర్వాత ఖర్చులు. అతని బ్రోకర్ కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.3 శాతం చొప్పున తీసుకుంటాడు. అది 121 రూపాయలు. డెలివరీ షేర్లపై సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్, అంటే ఎస్‌టీటీ, రెండు వైపులా 0.1 శాతం. అది 40. బ్రోకరేజీపై 18 శాతం జీఎస్టీ 22. డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు బయటికి పంపినందుకు పన్నుతో కలిపి 18. స్టాంప్ డ్యూటీ, ఎక్స్‌ఛేంజి చార్జీలు 4. మొత్తం 205.

అంటే తెర మీద ధర 203.05 దాటితే తప్ప అతనికి ఒక్క రూపాయి కూడా లాభం లేదు.

ఏడాదిలోపు అమ్మాడు కాబట్టి, ఆదాయం పన్ను పరిధిలో ఉంటే ఈ లాభంపై 20 శాతం పన్ను కూడా కట్టాలి. ఇక్కడో మెలిక ఉంది. బ్రోకరేజీని లాభం నుంచి తీసేయొచ్చు గానీ ఎస్‌టీటీని తీయడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే పన్ను 95 మీద కాదు, 135 మీద పడుతుంది. అది 27 రూపాయలు.

యాప్‌లో ఆకుపచ్చగా కనిపించే లాభంలో సాధారణంగా ఈ కోతలు ఉండవు. అసలు లెక్క కాంట్రాక్ట్ నోట్‌లో ఉంటుంది. డీమ్యాట్ చార్జీ చాలాసార్లు అందులో కూడా కనిపించదు, లెడ్జర్‌లో చూసుకోవాలి. ఆ చార్జీ పది షేర్లు అమ్మినా, వంద అమ్మినా ఒకటే. అదే యువకుడు పది షేర్లే కొని ఉంటే వచ్చే తేడా 30 రూపాయలు. అందులో 18 దానికే పోయేది, మిగతా ఖర్చులు కలిపితే నష్టమే.

ధరల తేడా దెబ్బ తగ్గాలంటే మార్కెట్ ఆర్డర్ బదులు లిమిట్ ఆర్డర్ పెట్టాలి. కాకపోతే ఆ ధరకు ఎవరూ రాకపోతే ఆర్డర్ అలాగే ఉండిపోతుంది.