‘ఇంకాస్త ఓనర్‌షిప్’ అంటే ఎంత?

సెప్టెంబరు చివరి వారం, గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు. అయిదేళ్ల అనుభవం ఉన్న ఒక సీనియర్ ఇంజనీరుకు మేనేజర్ నుంచి మెయిల్ వచ్చింది. మొత్తం నాలుగు వాక్యాలు: ‘రిలీజ్ బాగా జరిగింది, థ్యాంక్స్. ఇకమీదట మీ నుంచి ఇంకాస్త ఓనర్‌షిప్, విజిబిలిటీ ఆశిస్తున్నాను. నెక్స్ట్ లెవెల్‌కి వెళ్లాలంటే ఇవి ముఖ్యం. వీలు చూసుకుని మాట్లాడుకుందాం.’

ఈ మనిషి, ఈ మెయిల్ నేను కల్పించుకున్నవే. అయినా ఐటీలో పనిచేసేవాళ్లకు కొత్తగా అనిపించవు. తిట్టినట్టూ ఉండదు, మెచ్చుకున్నట్టూ ఉండదు. ఆ అమ్మాయి దాన్ని పదిసార్లు చదువుకుంటుంది. పక్క సీటు స్నేహితురాలికి చూపిస్తే ‘అందరికీ ఇలాగే రాస్తాడులే’ అంటుంది. ఇంట్లో చెబితే ‘ఇంకొంచెం కష్టపడు’ అంటారు. దాంతో ఆమె రాత్రి పదింటిదాకా కూర్చోవడం, శనివారాలు లాగిన్ కావడం మొదలుపెడుతుంది. మేనేజర్ అడిగింది అది కానే కాదు.

ఇలాంటి మెయిల్‌ను పదాల్లో వెతికితే దొరకదు, తేదీల్లో వెతకాలి. మేనేజర్ ఏమీ లేకుండా ఓ మధ్యాహ్నం కూర్చుని ‘ఓనర్‌షిప్’ గురించి ఆలోచించడు. దానికి పదిహేను రోజుల ముందు ఏదో ఒకటి జరిగి ఉంటుంది. కాబట్టి ముందు ఆ పదిహేను రోజుల మెయిళ్లు, చాట్‌లు, కాల్స్ వెనక్కి తిరగేయాలి. మేనేజర్ ఎప్పుడు ఇబ్బందిపడ్డాడు? ఎవరి ముందు? ఎవరి ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేకపోయింది?

మన ఉదాహరణలో అది ఇలా జరిగిందనుకుందాం. ఇన్సూరెన్స్ క్లెయిములను రాత్రిపూట ప్రాసెస్ చేసే బ్యాచ్ జాబ్ ఒకటుంది. శుక్రవారం రిలీజ్. గురువారం మధ్యాహ్నమే, ఒక ఫైలు సగంలో ఆగిపోతోందని ఆమె గమనించింది. తప్పు తన కోడ్‌లో లేదు, ఫైలు పంపే వేరే టీమ్‌ది. ఆ టీమ్ పేరు మీద టికెట్ వేసింది, చాట్‌లో ట్యాగ్ చేసింది, తన పని తాను పూర్తి చేసింది. రిలీజ్ అయింది. ఆ టికెట్‌ను వారాంతమంతా ఎవరూ తెరవలేదు. సోమవారం పొద్దున కాల్‌లో క్లయింట్ ‘శుక్రవారం క్లెయిములు ఎందుకు రాలేదు?’ అని అడిగినప్పుడు మేనేజర్‌కు విషయమే తెలియదు.

ఇప్పుడు మెయిల్ మళ్లీ చదవండి. ‘ఓనర్‌షిప్’ అంటే టికెట్ వేసి వదిలేయకుండా, అవతలి టీమ్‌లో ఒక మనిషిని పట్టుకుని, అది మూసేదాకా వెంటపడటం. ‘విజిబిలిటీ’ అంటే క్లయింట్ కంటే ముందు మేనేజర్‌కు ఒక్క మెసేజ్ పెట్టడం. రెండు పదాలూ ఒక్క సంఘటనకే అతుకుతున్నాయి. రాత్రి పదింటిదాకా కూర్చోవడానికి దీనికి ఏ సంబంధమూ లేదు. గురువారం సాయంత్రం పావుగంట ఫోన్ మాట్లాడి ఉంటే ఈ మెయిలే వచ్చేది కాదు.

మరి ఆ మాట సూటిగా రాయొచ్చు కదా? రాయకపోవడానికి పిరికితనం ఒక కారణమే. మెయిల్ శాశ్వతంగా ఉండిపోతుంది, ‘నీ వల్ల క్లయింట్ ముందు తలదించుకున్నాను’ అని ఎవరూ రాసిపెట్టుకోరు. పైగా ఆమె నిజంగా తప్పు చేయలేదని అతనికీ తెలుసు. ఆమె గ్రేడ్‌కు రాసిన పని ఆమె చేసింది. అతను ఆశించింది పై గ్రేడ్ పని. మూడో కారణం నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. ఆ పదాలు అతను పుట్టించినవి కావు. చాలా కంపెనీల్లో గ్రేడ్‌కొకటి చొప్పున, ఎవరి నుంచి ఏం ఆశిస్తారో చెప్పే పత్రం ఉంటుంది. ఓనర్‌షిప్, కమ్యూనికేషన్, స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్ లాంటి మాటలు అందులోవే. రేటింగులు ఖరారు చేసే ముందు మేనేజర్లందరూ కూర్చుని ఎవరికి ఏ రేటింగ్ ఇవ్వాలో వాదించుకునే సమావేశంలో నడిచేవీ ఆ మాటలే. అంటే ఈ మెయిల్ ఆమెకు రాసినది మాత్రమే కాదు, రేపు ఆమె గురించి అతను వేరేవాళ్ల ముందు చెప్పబోయే వాక్యానికి చిత్తుప్రతి కూడా.

ఒకే మాట ఒక్కో గ్రేడ్‌లో ఒక్కో పనిని అడుగుతుంది. కొత్తగా చేరిన పిల్లాడికి ‘ఓనర్‌షిప్’ అని రాస్తే, చిక్కుకుపోయినప్పుడు రెండు రోజులు మౌనంగా ఉండకుండా వెంటనే చెప్పమని. సీనియర్ ఇంజనీరుకైతే, తన టీమ్ గడప దాటిన పనిని కూడా చివరిదాకా నడిపించమని. టీమ్ లీడ్‌కైతే, మిగతా నలుగురూ చిక్కుకోకుండా చూడమని. అందుకే పక్క సీటువాళ్ల మెయిల్‌తో పోల్చుకుంటే ఏమీ తేలదు. మీ గ్రేడ్ పత్రం, దాని పై గ్రేడ్ పత్రం పక్కపక్కన పెట్టుకుని ఏ వాక్యం మారిందో చూస్తే తేలుతుంది. హెచ్‌ఆర్ పోర్టల్‌లో అవి సాధారణంగా దొరుకుతాయి. చాలామంది ఎప్పుడూ తెరవరు, అంతే.

చదివేవాళ్లు అపార్థం చేసుకుంటారనే అనుమానం రాసేవాళ్లకు ఉండకపోవడం ఇంకో సమస్య. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు ఒక పరిశోధన ప్రచురించారు. ఒక వాక్యం వ్యంగ్యంగా అన్నారా, నిజంగానే అన్నారా అన్నది మెయిల్ చదివినవాళ్లు 78 శాతం సార్లు సరిగ్గా పట్టుకుంటారని పంపినవాళ్లు అనుకున్నారు. పట్టుకున్నది 56 శాతమే. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా సగం కలుస్తుంది. మేనేజర్ తన మనసులో వినిపిస్తున్న గొంతుతో రాస్తాడు, మనం మన భయం గొంతుతో చదువుతాం.

మేనేజర్ అమెరికాలో ఉంటే ఇంకో పొర చేరుతుంది. అక్కడి ఆఫీసుల్లో విమర్శకు ముందూ వెనకా మెచ్చుకోళ్లు పేర్చడం మామూలు. ఎరిన్ మేయర్ 2014లో వచ్చిన ‘ద కల్చర్ మ్యాప్’ పుస్తకంలో ఈ అలవాటును వివరించింది. డచ్చివాళ్లు మొహాన చెప్పేదాన్ని అమెరికన్లు ప్రశంసల మధ్య దాచి చెబుతారు. కాబట్టి ‘గ్రేట్ జాబ్’తో మొదలైన మెయిల్‌లో ‘ఇది చేస్తే బావుంటుంది’ అన్న మూడో వాక్యాన్ని సలహా అనుకుని వదిలేయకండి, చాలాసార్లు అసలు విషయం అదే.

ఇక జవాబు. ‘ఓనర్‌షిప్ అంటే ఏమిటో చెప్పగలరా?’ అని అడిగితే మళ్లీ పొడి మాటలే వస్తాయి. ఆ మెయిల్ చూశాక ఆమె మేనేజర్ దగ్గరికి వెళ్లిందనుకోండి.

‘‘సర్, మీ మెయిల్ గురించి ఒక్క పది నిమిషాలు మాట్లాడొచ్చా?’’

‘‘అబ్బే, కంగారేం లేదమ్మా. బాగానే చేస్తున్నావ్. జనరల్‌గా చెప్పాను.’’

ఇక్కడ చాలామంది ‘థ్యాంక్యూ సర్’ అని వచ్చేస్తారు. ఆమె ఇంకో అడుగు వేయాలి.

‘‘సోమవారం కాల్‌లో క్లయింట్ అడిగారు కదా సర్, ఆ ఫైలు సంగతి. గురువారమే నేను మీకు చెప్పాల్సిందా?’’

ఒక క్షణం ఆగి అతను అంటాడు: ‘‘అదే. టికెట్ వేశావ్, చూశాను. కానీ వాళ్లు అడిగేదాకా నాకు తెలీదు. లీడ్ అయితే నువ్వే ఆ టీమ్‌ని లైన్‌లో పెట్టేదానివి.’’

సంఘటన పేరు తను చెబితేనే అతని నోట అసలు మాట వచ్చింది. అవుననో కాదనో చెప్పడం సులువు, శూన్యంలోంచి ఉదాహరణ వెతకడం కష్టం. ఊహ తప్పయినా నష్టం లేదు. ‘అది కాదు, ఆగస్టులో ఆ డెమో...’ అని సరిదిద్దుతాడు. మాట్లాడాక అదే రోజు నాలుగు వాక్యాల మెయిల్ పెట్టాలి: ‘ఇవాళ మాట్లాడినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. వేరే టీమ్ మీద ఆధారపడ్డ సమస్య ఏదైనా నాలుగు గంటల్లో కదలకపోతే మీకు చెబుతాను. రిలీజ్ ముందురోజు సాయంత్రం మిగిలిన రిస్కులన్నీ ఒక మెయిల్‌లో పంపుతాను. నవంబరు రిలీజ్ తర్వాత ఇది సరిపోయిందో లేదో చూద్దాం.’ ఆ నాలుగు గంటలు ఆమె పెట్టుకున్న గడువు. అతను ఎనిమిదన్నా ఫరవాలేదు, ఒక అంకె అంటూ ఉండాలి.

మెయిల్‌లోని మూడో వాక్యం, ‘నెక్స్ట్ లెవెల్’, ఇంకా మిగిలే ఉంది. అది ప్రమోషన్ హామీ కాదు. ఆలోచనలో ఉన్నావు అని మాత్రమే. దాన్ని పరీక్షించడానికి ఒక ప్రశ్న చాలు: ‘ఈ ఏడాది లీడ్ అయినవాళ్లు చేసిన పనిలో నేను చేయనిది ఏది సర్?’ జవాబులో పని పేరు ఉంటే దారి ఉన్నట్టు. ‘బడ్జెట్, స్లాట్లు, టైమ్ వస్తుంది’ అంటే లోటు ఆమె పనిలో లేనట్టే.

అన్ని పొడి మెయిళ్లూ ఇంత అమాయకమైనవి కావు. ‘ఇంకాస్త’ అన్న చోట ‘పదేపదే’, ‘నిలకడగా లేదు’ అని కనిపిస్తే, ‘మనం ఫలానా తేదీన మాట్లాడుకున్నట్టు’ అని మొదలైతే, సీసీలో హెచ్‌ఆర్ చేరితే, అక్కడ సలహా అయిపోయి ఫైలు తయారవుతోందని అర్థం. తర్వాతి మెట్టు పనితీరు మెరుగుదల ప్రణాళిక, అందరూ పిప్ అనేది. 30, 60, 90 రోజుల గడువులు అందులో మామూలు. ఆ దశలో నోటిమాట జవాబు పనికిరాదు. ప్రతి తేదీకి ఎదురుగా ఏం చేశారో, ఎవరు అందుకున్నారో మెయిల్‌లోనే రాయాలి.

ఇంకో రకమూ ఉంది. రెండుసార్లు అడిగినా, సంఘటన మీరే చెప్పినా, ‘అది కాదు, మొత్తంగా నీ ప్రెజెన్స్...’ అంటూ మాట జారిపోతుంటుంది. రేటింగ్ ముందే కుదిరిపోయి దానికి కారణం వెతుకుతున్నప్పుడు ఇలా జరగొచ్చు. ఆడవాళ్లకు ఇది ఎక్కువగా ఎదురవుతుందన్నది ఊరికే అనుకునే మాట కాదు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన షెల్లీ కొరెల్, కెరొలిన్ సిమార్డ్ పనితీరు సమీక్షలను పరిశీలించి, పని ఫలితంతో ముడిపడని పొడి వ్యాఖ్యలు మహిళలకే ఎక్కువ వస్తున్నాయని 2016లో రాశారు. ఉదాహరణ లేని విమర్శను సరిదిద్దుకోవడం ఎవరివల్లా కాదు. అలాంటప్పుడు స్కిప్ లెవెల్ మీటింగులో పై మేనేజర్‌ను, ఫిర్యాదులా కాకుండా, అదే ప్రశ్న అడగడం మేలు.

మన ఇంజనీరు సంగతికొస్తే, అక్టోబరులో మిడ్ ఇయర్ రివ్యూ ఉంటుంది. తను పంపిన ఆ నాలుగు వాక్యాల మెయిల్‌ను పోర్టల్‌లోని గోల్స్ పేజీలో అతికించి, మేనేజర్‌తో అక్కడే ఒక కామెంట్ రాయించుకోవాలి. మార్చిలో రేటింగ్ వేసేనాటికి అతను ఇదే ప్రాజెక్టులో ఉంటాడన్న నమ్మకం లేదు. కొత్తగా వచ్చినవాడికి సోమవారం కాల్ గుర్తుండదు, పోర్టల్‌లో ఏముంటే అదే చదువుతాడు.