బనియన్ చిల్లు పాకుతుంది, దోమతెర చిల్లు ఆగుతుంది

తలుపు మేకుకి బనియన్ తగులుకుంటే పోగు ఒకటి ఉచ్చులా పైకి లేస్తుంది. దానికి అటూ ఇటూ బట్ట అడ్డంగా ఒక గీతలా ముడుచుకుంటుంది. ఆ పోగు తెగిందంటే చిన్న చిల్లు, నాలుగు ఉతుకులయ్యేసరికి వేలు దూరేంత చిల్లు. అదే మేకుకి పాలిస్టర్ దోమతెర తగిలితే చిరిగిన మేరకే చిరుగుతుంది. ఆ పైన ఎన్నిసార్లు ఉతికినా చిల్లు తనంతట తాను పాకదు. ఈ రెండూ మగ్గం మీద నేసినవి కావు, సూదులతో అల్లినవే. తేడా అంతా పోగు ఏ దారిన నడిచిందన్న దాంట్లో ఉంది.

అల్లిక బట్ట ఏదైనా ఉచ్చులో నుంచి ఉచ్చు లాగి చేసిందే. బనియన్లూ టీషర్టులూ వెఫ్ట్ నిట్టింగ్, అంటే పేక అల్లిక. అమ్మమ్మలు రెండు సూదులతో స్వెట్టర్ అల్లేదీ ఇదే పద్ధతి. ఒకే పోగు అడ్డంగా సాగుతూ వరస మొత్తం ఉచ్చులు వేసుకుంటూ పోతుంది, తర్వాతి వరస దాని మీద కూర్చుంటుంది. తిరుప్పూరులో టీషర్టు బట్ట అల్లే గుండ్రటి మెషీన్‌ని ఉదాహరణకి తీసుకుందాం. దాని వ్యాసం 30 అంగుళాలు, అంగుళానికి 24 సూదులు అనుకుంటే చుట్టూ దాదాపు 2,260 సూదులుంటాయి. పైన స్టాండు మీద ఉండే దారం కోన్లు మాత్రం 90 దాకానే. ప్రతి కోను నుంచి వచ్చే పోగూ ఆ 2,260 సూదుల మీదుగా తిరిగి వస్తుంది. ఒక్కో ఉచ్చుకి పట్టే దారం సుమారు 2.8 మిల్లీమీటర్లు. అంటే ఒక చుట్టు వరసలో ఆరు మీటర్లకు పైగా దారం ఎక్కడా తెగకుండా ఉంటుంది. బనియన్ మంచీ చెడూ రెండూ ఇక్కడి నుంచే పుడతాయి.

ముందు సాగుడు సంగతి చూద్దాం. టీషర్టుని నిలువుగా లాగి చూడండి, తర్వాత అడ్డంగా లాగండి. అడ్డంగా బాగా ఎక్కువ సాగుతుంది. దారం రబ్బరు కాదు కాబట్టి సాగేది దారం కాదు, ఉచ్చు ఆకారం. నిలువుగా లాగితే ఉచ్చు సన్నగా పొడుగవుతుంది. అప్పుడు అందులోని దారం రెండు కాళ్లుగా పక్కపక్కన నిలబడాలి కాబట్టి, ఉన్న పొడవులో సగానికి మించి ఎత్తు రాదు. అడ్డంగా లాగితే ఆ రెండు కాళ్లూ వాలిపోయి దారమంతా ఇంచుమించు ఒకే గీతగా పరుచుకుంటుంది. అందుకే ఆ వైపు సాగే అవకాశం మెండు. బనియన్ పొట్ట మీద సాగాలి గానీ మోకాళ్ల దాకా జారకూడదు కాబట్టి, మనిషి ఒంటికి ఇది సరిగ్గా అమరిన గుణం.

పక్క ఉచ్చు నుంచి దారం ఇలా సులువుగా జారి రాగలగడమే మేకు దగ్గర కొంప ముంచుతుంది. సెంటీమీటరు ఎత్తున పోగు లేచిందంటే, పోనూ రానూ కలిపి రెండు సెంటీమీటర్ల దారం బయటికొచ్చినట్టు. అది ఏడు ఉచ్చులకి సరిపడే దారం. ఆ దారం పై వరస నుంచో కింది వరస నుంచో రాదు, అదే వరసలో అటూ ఇటూ ఉన్న ఉచ్చులు తలా కొంత ఇచ్చుకుంటాయి. ముడుచుకున్న గీత ఎప్పుడూ అడ్డంగానే ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసింది కదా. ఇక్కడ చాలామంది చేసే పని లేచిన పోగుని కత్తెరతో కత్తిరించేయడం. దానంత తప్పు ఇంకోటి లేదు. గుడ్డని మెల్లగా అడ్డంగా గుంజితే, పోయిన దారంలో చాలావరకు తిరిగి పక్క ఉచ్చుల్లోకి సర్దుకుంటుంది. మిగిలినదాన్ని సన్నటి సూదితో లోపలి వైపుకి తోసేస్తే చాలు.

కత్తిరిస్తే ఏమవుతుంది? ప్రతి ఉచ్చూ తన కింది ఉచ్చులో నుంచి దూరి, దాన్ని జారిపోకుండా పట్టుకుని ఉంటుంది. ఒకటి తెగితే కిందిదానికి ఆధారం పోయి, అదీ తనకన్నా కిందిదానిలో నుంచి జారి బయటికొస్తుంది. ఇలా ఒక్క నిలువు వరుసలోనే, మొదట అల్లిన వైపుకి నిచ్చెన మెట్లలా తెరుచుకుంటూ పోతుంది. నూలు దారానికి నూగు ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుని ఈ జారుడు నెమ్మదిగా సాగుతుంది. నైలాన్ మేజోళ్లకి ఆ నూగు లేదు, అందుకే వాటిలో చీలిక చూస్తుండగానే పాదం నుంచి మోకాలిదాకా పోతుంది.

దోమతెరది వార్ప్ నిట్టింగ్, అంటే పడుగు అల్లిక. ఇందులో అడ్డంగా పోయే పోగే లేదు. ప్రతి సూదికీ దాని పోగు దానిదే. మగ్గానికి పడుగు తోడినట్టే వేల పోగుల్ని ముందు బీముల మీదికి చుట్టుకోవాలి. అంగుళానికి 28 సూదుల చొప్పున 130 అంగుళాల వెడల్పున్న ట్రైకాట్ మెషీన్‌లో 3,640 సూదులుంటాయి. మామూలుగా రెండు వరసల పోగులు వాడతారు కాబట్టి మొత్తం ఏడు వేలకి పైచిలుకు పోగులు. అక్కడ 90 కోన్లు, ఇక్కడ ఏడు వేల పోగులు. అందుకే ఈ మెషీన్‌ని సిద్ధం చేయడం పెద్ద పని. ఏదో వంద మీటర్లు కావాలని అడిగితే ఎవరూ మెషీను ఎక్కించరు.

పోగు ఒక సూది మీద ఉచ్చు వేసి, పక్క సూదికి మారి, మళ్లీ ఉచ్చు వేసి వెనక్కొస్తుంది. అలా వంకరటింకరగా నిలువునా ఎక్కుతూ ఇరుగుపొరుగు నిలువు వరుసల్ని కలిపి కుడుతుంది. రెండో పోగు సరిగ్గా ఎదురు దిశలో అదే పని చేస్తుంది. ప్రతి ఉచ్చులోనూ రెండు పోగులుంటాయి, రెండూ రెండు వైపులకి లాగిపట్టి ఉంటాయి. మేకు తగిలితే పోగు అడ్డంగా పక్కవాటి నుంచి దారం తెచ్చుకోలేదు. తన దారిలోనే పైకో కిందికో ఉన్న ఉచ్చు నుంచి తెచ్చుకోవాలి, అక్కడ రెండో పోగు బిగించి పట్టుకుని ఉంటుంది. తెగినా అంతే, మిగిలిన పోగు ఆ ఉచ్చుని నిలబెడుతుంది. సాగుడు కూడా ఇందుకే తక్కువ. సూది నుంచి సూదికి వెనకవైపు అడ్డంగా పోయే ముక్క ఇంచుమించు తిన్నగా ఉంటుంది. తిన్నగా ఉన్న దారంలో విప్పుకోవడానికి వంపేదీ ఉండదు. ఆ ముక్క ఎంత పొడుగుంటే బట్ట అడ్డంగా అంత బిగువు. ట్రైకాట్ ఈతదుస్తులు బాగా సాగుతాయంటే ఆ ఘనత లోపల కలిపిన స్పాండెక్స్‌ది.

అలాగని పడుగు అల్లిక దేనికీ లొంగదనుకోనక్కర్లేదు. రెండో పోగు లేకుండా ఒకే వరస పోగులతో అల్లితే, ఒక్కటి తెగినా పక్కపక్క నిలువు వరుసల మధ్య బట్ట చీలిపోయే ప్రమాదం ఉంది. నిగనిగలాడే శాటిన్ ట్రైకాట్‌లో మెరుపు కోసం ఒక్కో పోగు నాలుగైదు సూదుల మీదుగా దూకి వెళ్తుంది. ఆ పొడుగు పోగులు గోటికి కూడా తగులుకుంటాయి. చిల్లు పాకదు గానీ పోగు లేచి అందం పోతుంది. గరుకు చేతులతో ముట్టుకునే బట్ట కాదది.

పాకని గుణం అచ్చంగా అక్కరకొచ్చేది ఆపరేషన్ గదిలో. హెర్నియాకి లోపల పెట్టే పాలీప్రొపిలీన్ జాలీ పడుగు అల్లికే. రోగి కొలతకి తగ్గట్టు సర్జన్ దాన్ని అక్కడికక్కడే కత్తెరతో కోసుకుంటాడు, కోసిన అంచు పోగులు పోగులుగా విడిపోదు. పేక అల్లిక జాలీ అయితే ఆ పని కుదరదు.

ఇంట్లో ఏ గుడ్డ ఏ రకమో తేల్చుకోవాలంటే భూతద్దం చాలు. ముందువైపు రెండింటిలోనూ చిన్న చిన్న 'వి' ఆకారాలు నిలువుగా పేర్చినట్టే ఉంటాయి కాబట్టి గుడ్డని తిరగేయాలి. వెనక విల్లుల్లాంటి వంపులు అడ్డ వరసలుగా కనిపిస్తే పేక అల్లిక. వంపులు లేకుండా ఏటవాలుగానో అడ్డంగానో పొట్టి గీతలు జిగ్‌జాగ్‌గా కనిపిస్తే పడుగు అల్లిక. ఇంకా అనుమానముంటే, పాత గుడ్డే అయితే, కోసిన అంచు నుంచి ఒక పోగు పట్టుకుని లాగండి. చివర అల్లిన అంచు దొరికితే బనియన్ గుడ్డ వరస వెంట వరస ఊడొస్తుంది, ట్రైకాట్ పోగు ఒకటి రెండు ఉచ్చులు దాటగానే బిగుసుకుంటుంది.