బాణం తోక ఎటు పోయింది?

కాంపౌండ్ విల్లు నుంచి వెలువడిన బాణం సెకనుకు 80 మీటర్లకు పైగా దూసుకుపోతుంది. అది తిన్నగా వెళ్తోందో, తోక ఊపుకుంటూ వెళ్తోందో కంటికి అందదు. అందుకే విలుకాళ్లు దాని దారిలో ఒక కాగితం అడ్డం పెడతారు. చిరుగు చూసి విల్లును సరిచేసుకునే ఈ పనికి పేపర్ ట్యూనింగ్ అని పేరు.

ఇందుకు పెద్ద సరంజామా అక్కర్లేదు. రెండడుగుల చతురస్రపు చట్రానికి పల్చటి కాగితం బిగుతుగా అంటించి, భుజమెత్తున నిలబెట్టాలి. నాలుగు నుంచి ఆరడుగుల దూరంలో నిలుచుని, బాణం నేలకు సమాంతరంగా వెళ్లేలా కొట్టాలి. బాణాన్ని ఆపే దిమ్మ కాగితానికి ఆరడుగులైనా వెనక ఉండాలి. దగ్గరగా ఉంటే, తోక కాగితం దాటకముందే మొన దిమ్మలో దిగి ఆగుతుంది. అప్పుడు పడిన చిరుగును నమ్మలేం.

ఇక చదవడం. మొన చేసేది గుండ్రటి చిల్లు. దాని వెనక వచ్చే మూడు ప్లాస్టిక్ రెక్కలు మూడు గీతలుగా చీల్చుతాయి. గీతలు మూడూ చిల్లు చుట్టూనే విచ్చుకుంటే, మొన వెళ్లిన దారిలోనే తోకా వెళ్లిందన్నమాట. విలుకాళ్లు దీన్ని ‘బుల్లెట్ హోల్’ అంటారు. గీతలు చిల్లుకు పైన పడితే, ఆ క్షణంలో తోక పైకి లేచి ఉంది. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. మొన పైకి పోయిందనుకుని సవరణంతా తలకిందులుగా చేస్తారు. ముందు గుండ్రటి చిల్లు ఎక్కడుందో వెతకండి, తర్వాతే చిరుగు ఎటు సాగిందో చూడండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడు బాణాలు కొడితే మూడింటికీ గీతలు చిల్లుకు అంగుళంన్నర పైన పడ్డాయి. మూడూ ఒకేలా ఉన్నాయి కాబట్టి తప్పు చేతిది కాదు, విల్లుది. తోక పైకి లేస్తోందంటే, నారి మీద బాణం తగిలించే చోటు ఎక్కువ ఎత్తులో ఉండొచ్చు. దాన్ని దించాలి, లేదా బాణం ఆనుకునే రెస్ట్‌ను పైకి జరపాలి. కాంపౌండ్ విల్లులో రెండోదే తేలిక. మిల్లీమీటరు పైకి జరిపి మళ్లీ మూడు బాణాలు కొడితే చిరుగు ముప్పావు అంగుళానికి తగ్గింది. ఇంకో మిల్లీమీటరు జరిపితే అరంగుళం. ఆ తర్వాత ఎంత జరిపినా తగ్గడం లేదు.

ఇక్కడ మరను ఇంకా తిప్పుతూ పోవడం తప్పు. కొలత మారుతున్నా చిరుగు మారలేదంటే కారణం వేరే ఉంది. ముందుగా అనుమానించాల్సింది రెక్కనే. వెళ్తూ వెళ్తూ అది రెస్ట్‌కు తగిలితే తోక పైకి ఎగురుతుంది. పట్టుకోవడానికి రెస్ట్ మీద టాల్కమ్ పౌడర్ చల్లి ఒక బాణం కొడితే చాలు. మన ఉదాహరణలో పౌడర్ మీద సన్నటి గీత పడింది, కింది రెక్క అంచుకు తెల్లటి మరక అంటింది. నాక్‌ను, అంటే బాణాన్ని నారికి తగిలించే గాడి ముక్కను, కొద్దిగా తిప్పి రెక్కకు దారి ఇవ్వగానే కాగితం మీద బుల్లెట్ హోల్ పడింది.

పైకీ కిందికీ ఉన్న తేడా సరిచేశాకే పక్కల సంగతి చూడాలి. పక్క చిరుగు మరింత తికమక పెడుతుంది. రెస్ట్ పక్కకు జరిగినా, బాణం విల్లు బలానికి తగినంత గట్టిగా లేకపోయినా, పిడికిలి విల్లును మెలిపెట్టినా అదే చిరుగు రావచ్చు. ఒకే విల్లుతో ఇద్దరు కొడితే రెండు రకాల చిరుగులు పడటం మామూలే. అందుకే మీ విల్లును మీ చేత్తోనే ట్యూన్ చేయాలి, దుకాణంలో ఎవరో చేసిచ్చింది సరిపోదు.

వేళ్లతో నారి వదిలే రికర్వ్ విల్లుకు ఈ పరీక్ష అంతగా నప్పదు. నారి వేళ్ల మీద నుంచి జారేటప్పుడు బాణం పక్కలకు వంగుతూ లేస్తుంది. కాగితం చేరేసరికి ఆ ఊపు ఏ దశలో ఉందో దాన్నిబట్టి చిరుగు మారిపోతుంది. వాళ్లు రెక్కలు లేని బాణాన్ని రెక్కలున్న వాటితో కలిపి కొట్టి, ఎక్కడ దిగాయో పోల్చి చూసుకోవడం మేలు.

తోక ఊగినా రెక్కలు కాసేపట్లో బాణాన్ని దారిలో పెడతాయి కదా అని అడగొచ్చు. పెడతాయి, కానీ ఆ పనిలో వేగం కరిగిపోతుంది. పైగా చేతిలో జరిగిన ప్రతి చిన్న పొరపాటూ దూరం వెళ్లేకొద్దీ పెద్దదవుతుంది. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ పోటీపడే కాంపౌండ్ విభాగంలో లక్ష్యం 50 మీటర్ల దూరాన ఉంటుంది. పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లే.

ఒక్క జాగ్రత్త. రెస్ట్ కదిలిందంటే బాణం దిగే చోటూ మారుతుంది. బుల్లెట్ హోల్ వచ్చిన రోజే మైదానానికి వెళ్లి, సైట్‌ను మళ్లీ సరిచూసుకోండి.